ఏడ్చే ఇంటి ముందు మన పేజీ సన్నాయి ఊదకూడదు

పోస్టు కాస్త పెద్దది. టీ తాగుతూ తీరిగ్గా చదవండి, కానీ సర్వసభ్య సమావేశానికి వచ్చేలోపు మాత్రం చదవండి.

అజెండాలో చివరి అంశం నేను పెట్టింది. జాతీయ సంతాప దినాల్లోనూ, పెద్ద దుర్ఘటన జరిగినప్పుడూ, సంఘం పేజీలన్నిటిలో ముందే టైము పెట్టి ఉంచిన పోస్టులు మొత్తంగా ఆగిపోవాలని ఆ ప్రతిపాదన. దీనిమీద కార్యవర్గం గ్రూపులో నడిచిన మాటలు నా దాకా వచ్చాయి. "ఇంత చిన్నదానికి నియమమెందుకు, సెక్రటరీ గారు చూసుకుంటారు కదా" అన్నారట ఒకరు. "మాస్టారికి రిటైరయ్యాక పొద్దుపోవడం లేదు" అన్నారట ఇంకొకరు. రెండోదానికి నా దగ్గర జవాబు లేదు, అది నిజమే. మొదటిదానికి ఉంది.

2023 జూన్ 2, శుక్రవారం గుర్తు తెచ్చుకోండి. సాయంత్రం ఏడు కావస్తుండగా బాలాసోర్ జిల్లా బహానగా బజార్ స్టేషన్ దగ్గర కోరమండల్ ఎక్స్‌ప్రెస్ లూప్‌లైన్లోకి వెళ్లి నిలిచి ఉన్న గూడ్సును గుద్దింది. పట్టాలు తప్పిన పెట్టెలు అటు నుంచి వస్తున్న బెంగళూరు–హౌరా రైలుకు తగిలాయి. 290 మందికి పైగా పోయారు. కోరమండల్ మనకు పరాయి రైలు కాదు. ఆ రాత్రి మన బరంపురం స్టేషన్‌కు రావలసిన రైలు అది. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో ఉన్న మనవాళ్లు విశాఖకో, రాజమండ్రికో పెళ్లికి వెళ్లాలంటే ఎక్కే రైలు అది.

ఆ సాయంత్రం మన పేజీ ఏం చేసిందో నేను తరవాత కూర్చుని వరసగా చూశాను. ఏడున్నరకు తెలంగాణ అవతరణ దినోత్సవ శుభాకాంక్షలు, వెనక డప్పుల పాట. ఎనిమిదిన్నరకు మన స్పాన్సర్ బట్టల షాపు వేసవి ఆఫర్. మర్నాడు పొద్దున్న ఏడింటికి నవ్వుతున్న పువ్వులతో శుభోదయం. పదింటికి పిల్లల వేసవి శిబిరం ముగింపు వేడుక పోస్టరు, మీద "దుమ్ము రేపుదాం రండి" అని. మర్నాడంటే జూన్ 3. ఒడిశా ప్రభుత్వం సంతాప దినంగా ప్రకటించిన రోజు. తమిళనాడు కూడా అదే రోజు సంతాపం పాటించింది. అప్పుడు అక్కడ అధికారంలో ఉన్న పార్టీ తమ నాయకుడు కరుణానిధి శతజయంతి వేడుకల్నే రద్దు చేసుకుంది. మనం దుమ్ము రేపాం.

ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. ఆ నాలుగు పోస్టులూ అంతకు వారం ముందే మన కుర్రాళ్లు కష్టపడి తయారుచేసి టైము పెట్టి ఉంచినవి. ఆ రాత్రి ఆ కుర్రాళ్లలో ఇద్దరు ఇక్కడి ఆసుపత్రిలో రక్తం ఇవ్వడానికి పేర్లు రాయించుకుంటున్నారు. మనుషులు ఒకచోట సరిగ్గానే ఉన్నారు. యంత్రం ఇంకోచోట తన పని తాను చేసుకుపోయింది. సమస్య అదే. మనిషి మర్చిపోయినదాన్ని యంత్రం మర్చిపోదు.

మర్యాద సంగతి ఒక పక్కన పెట్టండి. అంతకంటే పెద్ద నష్టం ఒకటి జరిగింది. మన సభ్యుడొకాయన అల్లుడు ఆ రైల్లో ఉన్నాడు. ఫోను కలవడం లేదు. ఆయనకు ఫేస్‌బుక్ వాడకం అంతంత మాత్రం. పేజీలో పైన కనబడ్డ ఏడున్నర పోస్టు కిందనే "బాలాసోర్లో మన తెలుగువాళ్లు ఎవరైనా ఉన్నారా, మా అల్లుడు కోరమండల్లో ఉన్నాడు" అని రాశాడు. ఎనిమిదిన్నరకు చీరల ఆఫర్ వచ్చి దానిపైన కూర్చుంది. చూసేవాళ్లంతా కొత్త పోస్టు చూశారు. ఆయన రాసినదాని కింద మొదటి జవాబు మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి వచ్చింది. అల్లుడు చెయ్యి విరిగి బతికి బయటపడ్డాడు, దేవుడి దయ. కానీ ఆ రాత్రి ఆ మామగారు మన పేజీ వైపు చూస్తూ కూర్చున్నాడు. మన పేజీ ఆయనకు చీరలు చూపించింది.

ఇప్పుడు "సెక్రటరీ గారు చూసుకుంటారు" అన్న మాటకు వద్దాం. ఏడున్నర పోస్టును ఎవరూ ఆపలేకపోయేవారు, ఒప్పుకుంటాను. అప్పటికి ప్రమాదం జరిగి గట్టిగా అరగంట. టీవీలో వార్త అప్పుడప్పుడే వస్తోంది. ఏ నియమమూ ఆ అరగంటను పట్టుకోలేదు. కానీ ఎనిమిదిన్నరది ఆపగలిగేవాళ్లం. మర్నాటి రెండూ తప్పకుండా ఆపగలిగేవాళ్లం. ఎందుకు ఆగలేదంటే, సెక్రటరీ గారు ఆ రాత్రి స్టేషన్లో బంధువుల కోసం వచ్చినవాళ్లకు మంచినీళ్లు అందిస్తున్నారు. పాస్‌వర్డు ఆయన దగ్గర, కోశాధికారి గారి దగ్గర మాత్రమే ఉంది. కోశాధికారి గారు టెక్కలిలో పెళ్లిలో ఉన్నారు. పెద్ద కష్టం వచ్చిన రోజున మంచి మనిషి ఫోను చూసుకుంటూ కూర్చోడు. అందుకే మంచి మనుషుల మీద మాత్రమే ఆధారపడకూడదు.

నేను అడుగుతున్నది నాలుగు మాటల్లో చెబుతాను.

మొదటిది, ఆపడానికి ఒక్కరు చాలు. మళ్లీ మొదలుపెట్టడానికి ఇద్దరు కావాలి. వేర్వేరు ఊళ్లలో ఉండే ఐదుగురికి ఈ బాధ్యత ఇద్దాం. అందులో కనీసం ఇద్దరు ముప్పై ఏళ్ల లోపు వాళ్లు ఉండాలి, వార్త ముందు వాళ్లకే తెలుస్తుంది కాబట్టి. ఐదుగురిలో ఎవరికి అనిపించినా వెంటనే ఆపేయవచ్చు, ఎవర్నీ అడగక్కర్లేదు. పొరపాటున ఆపితే ఏం పోతుంది? ఒక శుభాకాంక్ష రెండు గంటలు ఆలస్యమవుతుంది. పొరపాటున ఆపకపోతే ఏం పోతుందో పైన చెప్పాను. రెండు తప్పులూ ఒకే బరువు కానప్పుడు, తేలిక తప్పు చేసే దారిని సులువు చెయ్యాలి.

రెండోది, ప్రభుత్వ ప్రకటన కోసం గానీ, మృతుల సంఖ్య కోసం గానీ ఎదురుచూడకూడదు. "పదిమందికి మించి చనిపోతే ఆపుదాం" అని ఒక పెద్దాయన సవరణ పంపారు. ఆయనంటే నాకు గౌరవం. కానీ బహానగా రాత్రి లెక్క ఎలా పెరిగిందో గుర్తు చేసుకోమంటాను. మొదట పదుల్లో చెప్పారు, తెల్లారేసరికి రెండు వందలు దాటింది. మొదటి గంటల లెక్క ఎప్పుడూ తప్పే. ప్రకటన ఎప్పుడూ వార్త తరవాతే వస్తుంది. కాబట్టి కొలత వేరుగా ఉండాలి. మనం ఉంటున్న రాష్ట్రంలో గానీ, ఆంధ్రా తెలంగాణల్లో గానీ, మనవాళ్లు తిరిగే రైలుకో బస్సుకో విమానానికో గానీ జరిగిందా? లేదా దేశమంతా ఆ వార్తే చూస్తోందా? ఈ రెండింటిలో ఒకదానికి అవునంటే ఆపాలి. ఇక జాతీయ సంతాపం, రాష్ట్ర సంతాపం ప్రకటించారంటే ప్రశ్నే లేదు, ఆపి తీరాలి.

మూడోది, ఆపినప్పుడు అన్నీ ఆగాలి. ఏది వేడుక, ఏది సమాచారం అని ఆ క్షణంలో ఏరుతూ కూర్చోకూడదు. ఏరడం మొదలుపెడితే ఎవరి పోస్టు వాళ్లకు ముఖ్యమే. ముందు తలుపు మూయండి, తరవాత నిదానంగా ఏరండి. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఆగేది ముందే టైము పెట్టినవి మాత్రమే. చేత్తో పెట్టే పోస్టుకు అడ్డం లేదు. రక్తం కావాలన్నది, హెల్ప్‌లైన్ నంబరు, కార్యక్రమం వాయిదా అన్నది, ఇవన్నీ మనిషి చూసి పెడతాడు. ఆ రోజు పేజీ మూగబోకూడదు, మనిషి గొంతుతో మాత్రమే మాట్లాడాలి.

నాలుగోది చాలామంది మర్చిపోయేది. ఆపినవి మళ్లీ వాటంతటవే వెళ్లకూడదు. మూడు రోజులు ఆపి మీట తిప్పగానే ఆగిన పదిహేను పోస్టులూ ఒక్కసారి కుమ్మరిస్తే, ఆదివారం శుభోదయం బుధవారం వస్తుంది, అయిపోయిన సభకు ఆహ్వానం వస్తుంది. కాబట్టి ఆగిన ప్రతి పోస్టునూ ఇద్దరు చూసి మూడింటిలో ఒకటి చెయ్యాలి. తీసేయడం, మార్చడం, కొత్త తేదీ వెయ్యడం. ఎవరూ ముట్టుకోనిది తీసేసినట్టే లెక్క. ఆ జూన్ 4 ఆదివారం స్నాన పూర్ణిమ. జగన్నాథుడి స్నానం ఆగదు, ఆగకూడదు కూడా. కానీ "శుభాకాంక్షలు" అని టపాకాయల బొమ్మతో తయారుచేసిన కార్డును "స్వామి అందరినీ కాపాడాలి" అని మార్చి పెట్టవచ్చు. మార్చడమంటే అది. తేదీ తెలిసిన యంత్రానికి ఆ మాట తెలియదు.

ఎన్నాళ్లు ఆపాలి అన్నది న్యాయమైన ప్రశ్న. ఇరవై నాలుగు గంటలకు ఒకసారి ఇద్దరు కూర్చుని చూడాలని నేను రాశాను. 2024 డిసెంబరు 26 రాత్రి మన్మోహన్ సింగ్ గారు పోయినప్పుడు కేంద్రం జనవరి 1 దాకా ఏడు రోజుల సంతాపం ప్రకటించింది. ఆ ఏడు రోజులూ జెండాలు అవనతమయ్యాయి, ప్రభుత్వ వినోద కార్యక్రమాలు లేవు. ఆ నిబంధన ప్రభుత్వానికే, మనలాంటి సంఘానికి చట్టరీత్యా వర్తించదు. అందుకే మనమే రాసుకోవాలి అంటున్నాను. నా లెక్క ప్రకారం ఆ వారం ఎలా నడిచేదంటే, 26 రాత్రి అన్నీ ఆగుతాయి. 27 రాత్రి ఇద్దరు చూసి తెలుగు తరగతుల టైము మార్పు, స్కాలర్‌షిప్ దరఖాస్తు గడువు లాంటి సమాచారం వదులుతారు. వేడుక పోస్టులు, స్పాన్సర్ ప్రకటనలు 1వ తేదీ ముగిసేదాకా ఆగే ఉంటాయి. కొత్త సంవత్సరం శుభాకాంక్షలు 2న చెబుదాం, కొంప మునగదు. మన పేజీ నిజంగా చేసిందేమిటో మీకు గుర్తుంది. 31 అర్ధరాత్రి బాణసంచా వీడియో.

ఆ వారం మన గ్రూపులో ఇంకో గొడవ జరిగింది. "ఆ నాయకుడికి ఆపితే మా నాయకుడికీ ఆపుతారా" అని. నిజానికి నియమం కావలసింది అందుకే. నియమం లేకపోతే ప్రతి మరణానికీ కార్యవర్గం తీర్పు చెప్పాలి, ఆ తీర్పులో ప్రతివాడికీ ఒక పార్టీ కనబడుతుంది. నియమం ఉంటే, నాయకుల విషయంలో ప్రభుత్వం సంతాపం ప్రకటించిందా లేదా అన్నదొక్కటే చూస్తాం. 2022 సెప్టెంబరు 11న బ్రిటన్ రాణికి, 2024 మే 21న ఇరాన్ అధ్యక్షుడికి కూడా మన దేశం ఒక్కో రోజు సంతాపం పాటించింది. "వాళ్లకీ ఆపాలా" అని నవ్వారొకరు. ఆపాలి, ఒక్కరోజే కదా. పోయేదేమీ లేదు. మనం ఎంచుకోవడం మొదలుపెట్టిన రోజే తగాదా మొదలవుతుంది.

స్పాన్సర్ల మాట. "డబ్బిచ్చారు, ఆ రోజు ఆ టైముకే వెయ్యాలి" అన్నారు. ఆ బట్టల షాపాయనను నేను వెళ్లి అడిగాను. "మాస్టారూ, ఆ రోజు నా బోర్డు చూసి జనం నన్నే తిట్టుకున్నారు, ఆపుంటే మీకు దణ్ణం పెట్టేవాణ్ణి" అన్నాడు. ఒప్పందం కాగితంలో ఒక్క వాక్యం చేరిస్తే సరిపోతుంది. సంతాప సమయంలో ప్రకటన ఆగుతుంది, తరవాత అన్ని రోజులూ కలిపి వేస్తాం అని.

ఇప్పుడు అసలు పని కష్టమెక్కడో చెప్పాలి. తీర్మానం చేసి చప్పట్లు కొడితే పోస్టు ఆగదు. మన పోస్టులు ఒకచోట లేవు. నేనూ మన కంప్యూటర్ కుర్రాడూ ఒక పూట కూర్చుని వెతికాం. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌వి Meta Business Suite లో Planner కింద ఉన్నాయి. ఎక్స్‌వి విడిగా, డ్రాఫ్టుల పక్కన Scheduled లో ఉన్నాయి. యూట్యూబ్ వీడియోలకు మళ్లీ వేరే టైము. కుర్రాడు తయారుచేసిన గూగుల్ షీటు ఇంకొకటి, అది శుభోదయాలు పంపుతుంది. ఇవి కాక, మూడేళ్ల కిందట సంఘం వదిలేసిన ఒకాయన పెట్టిన టూలు అప్పటికీ మన పేజీకి తగిలించే ఉంది. Planner లో అన్నిటినీ ఒకేసారి ఆపే మీట మేము వెతికినంతలో కనబడలేదు. ఒక్కొక్కటీ తెరిచి తేదీ మార్చాలి, లేదా డ్రాఫ్టులోకి తోయాలి. నలభై పోస్టులుంటే, కష్టం వచ్చిన రాత్రి, ఫోను మీద, అది ఎవరివల్లా కాదు.

కుర్రాడు చెప్పిన ఉపాయం తేలికగా ఉంది. పోస్టుల్ని నెల ముందే ఫేస్‌బుక్ చేతిలో పెట్టేయకూడదు. ఒకసారి పెట్టేశాక మన షీటులో ఏం మార్చినా దానికి తెలియదు, టైముకు వేసేస్తుంది. అన్నీ మన షీటులోనే ఉండాలి. షీటు పైన ఒక గడి. అందులో "నడుపు" అని ఉంటేనే ప్రోగ్రాం తరవాతి పోస్టు పంపుతుంది. "ఆపు" అని ఉంటే పంపదు. ఆ గడి ఖాళీగా ఉన్నా, నెట్ లేక చదవలేకపోయినా కూడా పంపకూడదు. సందేహం వస్తే ఆగాలి తప్ప నడవకూడదు. ఆ గడి చూడటం పోస్టు రాసేటప్పుడు కాదు, బయటికి పంపే నిమిషంలో జరగాలి. ఐదుగురి ఫోన్లలోనూ ఆ షీటు తెరిచి ఉంటుంది, ఒక్క మాట మారిస్తే అన్ని పేజీలూ ఆగుతాయి.

దీనికీ అందనిది ఒకటుంది. డబ్బు కట్టి బూస్టు చేసిన పోస్టులు. అవి ఇప్పటికే బయట ఉన్నవి, షీటు ఆపినా ఆగవు. వాటిని Ads Manager లోకి వెళ్లి విడిగా ఆపాలి. అందుకే ఐదుగురిలో కనీసం ఇద్దరికి ఆ అనుమతి కూడా ఇవ్వాలని రాశాను.

పని చేస్తుందో లేదో ఎలా తెలుస్తుంది? కష్టం వచ్చిన రోజున కాదు, మామూలు రోజున చూడాలి. మూడు నెలలకొకసారి, ఒక మంగళవారం మధ్యాహ్నం గడిలో "ఆపు" అని పెట్టి, మనం పోస్టులు పంపే ప్రతి దారిలోనూ పది నిమిషాల తరవాతకు ఒక పరీక్ష పోస్టు పెట్టండి. పావుగంట ఆగి చూడండి. ఏ పేజీలో అది కనబడితే అక్కడ కన్నం ఉన్నట్టు. గత నెల మేము చేశాం. మూడుచోట్ల ఆగింది, ఇన్‌స్టాగ్రామ్‌లో వెళ్లిపోయింది. చూస్తే అక్కడ పాత టూలు ఇంకా పనిచేస్తోంది. దాన్ని తీసేయించాం.

చివరిగా ఒక మాట. బెంగళూరులో మా తోడల్లుడు ఉంటున్న వీధిలో ఒక చిన్న తెలుగు సంఘం ఉంది. 2021 అక్టోబరు 29న పునీత్ రాజ్‌కుమార్ పోయిన సాయంత్రం, ఊరంతా దీపాలు పెట్టుకుని ఏడుస్తుంటే, ఆ సంఘం పేజీలో దీపావళి డ్యాన్సు పోటీల వీడియో టైముకు వచ్చేసింది. ముప్పై ఏళ్లుగా పక్కింట్లో ఉన్న కన్నడాయన ఏమీ అనలేదట. మర్నాడు పొద్దున్న పలకరించలేదంతే. "తిట్టినా బాగుండేది" అన్నాడు మా తోడల్లుడు.

మన తాతలు ఈ ఊరు వచ్చి నాలుగు తరాలైంది. ఒడియా వాళ్ల చావులకు మనం వెళ్తాం, మన చావులకు వాళ్లు వస్తారు. ఏడ్చే ఇంటి ముందు నుంచి పెళ్లి ఊరేగింపు వెళ్లవలసి వస్తే సన్నాయి ఆపి, ఆ ఇల్లు దాటాక మళ్లీ మొదలుపెట్టమనేవారు మన పెద్దలు. మేళగాడికి ఎవరూ చెప్పనక్కర్లేదు, వాడికి కళ్లున్నాయి. మన పేజీకి కళ్లు లేవు. అందుకే ఆపే మీట మన చేతిలో ఉండాలంటున్నాను.

ఆదివారం చెయ్యెత్తడానికి రండి. ఒప్పుకోనివాళ్లు ఇంకా తప్పకుండా రండి. సవరణలుంటే కింద రాయండి, చీరల ఆఫర్ వచ్చి మూసేయకుండా నేను చూసుకుంటాను.